బీపీ మెషిన్ ఫోటో: అంకె, పట్టీ, మాట

ఇంట్లో వాడే బీపీ మెషిన్ తెర చాలా మోడళ్లలో సొంతంగా వెలగదు. బయటి వెలుగు దాని మీద పడి, వెనకున్న పొరకు తగిలి తిరిగొస్తేనే బూడిదరంగు మీద నల్లటి అంకెలు కనిపిస్తాయి. ఆ తెరకు పైన నిగనిగలాడే ప్లాస్టిక్ అద్దం ఒకటి ఉంటుంది. అంకెలు చదవాలంటే వెలుగు కావాలి, అదే వెలుగు అద్దం మీద మెరిస్తే అంకెలు మాయమవుతాయి. బీపీ మెషిన్‌నైనా, డిజిటల్ థర్మామీటర్‌నైనా అమ్మకానికి ఫోటో తీసేవాళ్లకు మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. చేతికి చుట్టే పట్టీ, అంటే అందరూ కఫ్ అనేది, రెండో చిక్కు. ముదురు రంగు గుడ్డ, దాని మీద సన్నటి అచ్చు. కొనేవాడికి అన్నిటికంటే అవసరమైన సమాచారం ఆ అచ్చులోనే ఉంటుంది, ఫోటోల్లో అన్నిటికంటే తక్కువగా కనిపించేదీ అదే. ఇక పరికరం పక్కన ఇంకేం పెట్టాలి, ఏ మాట రాయాలి అన్న దాని మీద అమ్మేవాళ్లకూ ఫోటో తీసేవాళ్లకూ తగువు తెగదు.

ఈ సంవాదంలో ఉన్నవాళ్లు ఇద్దరు. ఒకరు విజయవాడలో సర్జికల్ సామాన్లు టోకున అమ్మే వ్యాపారి. అరవై దాటాయి, సరుకును ఆన్‌లైన్‌లో పెట్టబోతున్నారు. రెండో మనిషి వస్తువుల ఫోటోలు తీసే యువతి, ఆయన స్నేహితుడి కూతురు. బల్ల మీద మోచేతికి పైన చుట్టే రకం బీపీ మెషిన్ ఒకటి, పెన్ను ఆకారంలో ఉన్న థర్మామీటర్ ఒకటి ఉన్నాయి.

వ్యాపారి: అమ్మా, తెర మీద ఆ ప్లాస్టిక్ పొర తీయకు. 120, 80, 72 అని ఎంత చక్కగా అచ్చేశారో చూడు. కంపెనీ వాళ్లు వేసిందే. మెషిన్ ఆన్ చేసే పని కూడా లేదు, ఫోటో తీసేయడమే.

ఫోటోగ్రాఫర్: అది దారిలో గీతలు పడకుండా అంటించిన పొర, బాబాయిగారూ. దాని మీది అంకెలు లోపలి తెర అంకెల కంటే నల్లగా, లావుగా ఉన్నాయి. కింద గాలిబుడగలు కూడా ఉన్నాయి, పెద్దది చేసి చూస్తే బయటపడతాయి. చూపు ఆనని పెద్దవాళ్లు అంకెల సైజు చూసే మెషిన్ కొంటారు. ఇంటికెళ్లి పొర పీకాక అంకె సన్నబడితే మనం వాళ్లకు వేరే వస్తువు చూపించినట్టే కదా.

వ్యాపారి: పొర పీకిన పీసు మళ్లీ అమ్మకానికి పనికిరాదు.

ఫోటోగ్రాఫర్: ఒక్క పీసు ఫోటోలకని పక్కన పెట్టేయండి. పట్టీని కూడా ఎలాగూ విప్పాలి, ముడత పడుతుంది, వేలిముద్రలు పడతాయి.

పొర తీశాక పని వెలుగుది. ఫ్లాష్‌ను కెమెరా పక్కనే పెట్టి ఎదురుగా కొడితే తెర మీద తెల్లటి మచ్చ తప్పదు. అద్దం మీద ఏ వాలులో వెలుగు పడుతుందో, ఎదుటి వైపుకు అదే వాలులో తిరిగి వెళ్తుంది. కాబట్టి దీపాన్ని మెషిన్‌కు ఒక పక్కన పెట్టి, మధ్యలో పెద్ద తెల్లగుడ్డో ట్రేసింగ్ కాగితమో కట్టి, ఆ మెత్తటి వెలుగు తెర మీద పడి కెమెరాను తప్పించుకుని అవతలి పక్కకు పోయేలా చూసుకోవాలి. దీనికి ఒక తేలిక పరీక్ష ఉంది. లెన్స్ ఉన్న చోట కన్ను పెట్టి తెర అద్దంలోకి చూడాలి. అందులో సీలింగు కనిపిస్తే కెమెరాకూ సీలింగే కనిపిస్తుంది. ఆ ప్రతిబింబం ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి అక్కడ నల్లటి అట్ట నిలబెడితే, అద్దం నల్లదాన్ని ప్రతిఫలిస్తుంది, దాని వెనకున్న అంకెలు తేటపడతాయి.

మెరుపు తగ్గించడానికి చాలామంది లెన్స్‌కు పోలరైజర్ తగిలిస్తారు. ఈ తెరలతో అది అపాయం. ఎల్‌సీడీ పనిచేసేదే ధ్రువీకరించిన కాంతితో కాబట్టి, పోలరైజర్‌ను ఒక దిక్కుకు తిప్పినప్పుడు తెర మొత్తం నల్లబడిపోతుంది. వాడక తప్పనప్పుడు తెరనే చూస్తూ నెమ్మదిగా తిప్పుకోవాలి. చూసే కోణానికీ లెక్క ఉంది. ఇలాంటి తెరలను ఎక్కువగా ఎదురుగా, కొంచెం కింది అంచు వైపు నుంచి చూసేవాళ్ల కోసం చేస్తారు, ఎందుకంటే మెషిన్ బల్ల మీద ఉంటే మనిషి దాని కింది అంచు వైపే కూర్చుంటాడు. బాగా పక్కనుంచీ వెనకనుంచీ తీస్తే అంకెలు వెలిసిపోతాయి, లేదంటే వెలగని గీతలు కూడా నీడల్లా తేలి 1 కాస్తా 7లా, 3 కాస్తా 8లా భ్రమ పుట్టిస్తుంది. మెషిన్ అందంగా కనిపించే ఏటవాలు కోణం, అంకె బాగా కనిపించే కోణం రెండూ ఒకటి కాకపోతే అంకెనే ఎంచుకోవాలి. తన వెలుగుతో వెలిగే ఎల్ఈడీ తెర అయితే మరో చిక్కు. దాని అంకెలు మన కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి, షట్టర్ మరీ వేగంగా ఉంటే సగం అంకె తప్పిపోతుంది. సెకనులో 60వ వంతు, 30వ వంతు పెట్టి చూసుకుంటే సరిపోతుంది.

వ్యాపారి: ఇంత యాతన ఎందుకు? అంకెల్లేని తెర తీసి, కంప్యూటర్‌లో అంకెలు అతికించు. అందరూ చేసేది అదే.

ఫోటోగ్రాఫర్: మెషిన్‌లోనే దారి ఉంది. ఇందాక మీకు చూసిన రీడింగ్ దాని జ్ఞాపకంలో ఉంది. ఆ మీట నొక్కితే తెర మీదకొచ్చి కాసేపు నిలుస్తుంది, ఆలోగా నాలుగు ఫోటోలు వస్తాయి. పట్టీ ఎవరి చేతికీ లేకుండా బల్ల మీద చుట్టి ఉంది, తెర మీద మాత్రం అప్పుడే తీసినట్టు రీడింగ్ ఉంది అంటే కుదరదు కదా. జ్ఞాపకంలోంచి తీస్తే చాలా మోడళ్లలో ఆ సంగతి చెప్పే చిన్న గుర్తు కూడా పక్కన వెలుగుతుంది, తెలిసినవాళ్లకు లెక్క సరిపోతుంది.

వ్యాపారి: సరే, నాకు వచ్చింది 146, 88. అది పెడతావా? చూసినవాడికి గుండె గుభేలుమంటుంది. 120, 80 పెడితే చూడ్డానికి హాయిగా ఉంటుంది.

ఫోటోగ్రాఫర్: ఆ హాయితోనే నాకు పేచీ. ప్రతి కంపెనీ ఫోటోలోనూ 120, 80 ఉంటుంది. అది చూసినవాడి మనసులో ఏం పడుతుంది? ఈ మెషిన్ కొంటే అంకె ఇలా ఉంటుందని. ఒక్క మాట రాయకుండానే ఒక మాట ఇచ్చేశాం. 146 పెట్టినా తప్పే, భయపెట్టి అమ్మినట్టు. నా ఓటు వేరే దానికి. బ్యాటరీ వేసి ఆన్ చేయగానే చాలా మెషిన్లలో గీతలన్నీ ఒక్కసారి వెలిగి అన్ని చోట్లా 8 కనిపిస్తుంది. ఆ క్షణం తీద్దాం. అంకె ఎంత పెద్దదో, పక్కన ఏయే గుర్తులున్నాయో అన్నీ తెలుస్తాయి, ఎవరి ఆరోగ్యం గురించీ ఏమీ చెప్పినట్టు కాదు.

వ్యాపారి: 888 చూసి మెషిన్ చెడిపోయిందనుకుంటారమ్మా. నలభై ఏళ్లుగా కౌంటర్ మీద కూర్చున్నవాణ్ణి. తెరలో పిచ్చి అంకె కనబడితే చాలు, బాబూ వేరేది చూపించు అంటాడు కొనేవాడు. నేను చెప్పేది భయం గురించి కాదు, వాడికి అర్థం కావడం గురించి. పైది ఏది, కిందిది ఏది, నాడి ఏది, ఈ మూడూ వేరు వేరు అంకెలుగా కనిపిస్తేనే తెర ఎలా చదవాలో తెలుస్తుంది.

ఈ వాదనలో బలం ఉంది. SYS, DIA, PULSE అనే మూడు వరసల్లో ఏది దేనికో తెలియాలంటే మూడూ మనిషికి వచ్చే రీడింగ్‌లాగే ఉండాలి. 8లు గీతల సైజును చూపిస్తాయి, వరసల అర్థాన్ని చూపించవు. చివరికి ఇద్దరూ ఒప్పుకున్నది ఇది: ఆ గదిలో ఎవరో ఒకరికి నిజంగా తీసిన రీడింగ్ ఒకటే అన్ని ఫోటోల్లోనూ ఉండాలి. అన్నీ 8లు ఉన్న తెరను దగ్గర నుంచి తీసి, గుర్తుల పేర్లు చెప్పే ఫోటోగా లోపల పెట్టాలి. రీడింగ్ ఆమె సహాయకుడి చేతి నుంచి వచ్చింది, 124, 78, నాడి 81. తెర పక్కన కొన్ని మోడళ్లకు ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా రంగుల పట్టీ ఉంటుంది. అది మెషిన్‌లో భాగమే కాబట్టి ఉన్నది ఉన్నట్టు రావచ్చు. కానీ దాన్ని మాత్రమే కత్తిరించి, పెద్దది చేసి, ఆకుపచ్చ దగ్గర బాణం పెడితే పాత పేచీ మళ్లీ మొదటికొస్తుంది.

థర్మామీటర్ దగ్గర అంకె తగువు ఇంకో రూపంలో వచ్చింది. ఆన్ చేయగానే ఫారెన్‌హీట్ మోడల్ 188.8 అని గీతలన్నీ చూపిస్తుంది, తర్వాత చాలా మోడళ్లు కిందటిసారి రీడింగ్ చూపిస్తాయి, ఆ తర్వాత Lo అంటాయి. మొన కొలవగలిగిన కనిష్ఠం కంటే చల్లగా ఉందని దాని అర్థం. ఆ కనిష్ఠం సాధారణంగా 32 డిగ్రీల సెల్సియస్, అంటే సుమారు 90 ఫారెన్‌హీట్.

వ్యాపారి: Lo అని ఉన్న ఫోటో పెడితే బ్యాటరీ అయిపోయిందనుకుంటారు.

ఫోటోగ్రాఫర్: అది నిజమే, Lo వద్దు. పైగా మే నెలలో మన ఊళ్లో ఏసీ లేని గదిలో తీస్తే Lo రాదు కూడా. గది 38 డిగ్రీలుంటే ఎవరినీ తాకకుండానే ఇది 100.4 చూపిస్తుంది, ఫోటోలో జ్వరం వచ్చినట్టు కనబడుతుంది. కాబట్టి గోరువెచ్చటి నీళ్లతో చేద్దాం. గ్లాసులో నీళ్లు కలుపుతూ మొన ముంచితే అంకె ఎక్కుతుంది, ఎక్కడం ఆగాక బీప్ వస్తుంది. తీసి తుడిచాక కూడా వచ్చిన గరిష్ఠ అంకె తెర మీద నిలుస్తుంది.

వ్యాపారి: 98.6 వచ్చేలా నీళ్లు కలుపు మరి. దీనికి కూడా పేచీ పెడతావా?

ఫోటోగ్రాఫర్: దీనికి పెట్టను. మన ఇళ్లలో ఆ అంకెను అందరూ థర్మామీటర్ గుర్తుగానే చూస్తారు, దాన్ని చూసి జ్వరం తగ్గుతుందని ఎవరూ అనుకోరు. కానీ పక్కన పడుకున్న పాపను పెట్టమంటే మాత్రం పెట్టను. పాప నవ్వుతూ నోట్లో థర్మామీటర్ పెట్టుకున్న ఫోటో మీరు చూసే ఉంటారు. నోట్లో పెట్టినప్పుడు మొన నాలుక కింద ఉండాలి, పెదవులు మూసుకోవాలి. నవ్వితే పెదవులు తెరుచుకుంటాయి, రీడింగ్ తప్పుతుంది. అమ్మే ఫోటోయే వాడకం తప్పు నేర్పుతోందన్నమాట.

థర్మామీటర్ సన్నటి తెల్లటి వస్తువు. తెల్లటి నేల మీద దాని అంచులు కరిగిపోతాయి. రెండు పక్కలా, ఫోటోలో పడనంత దూరంలో, నల్లటి కాగితపు పట్టీలు నిలబెడితే అంచు వెంట సన్నటి ముదురు గీత వస్తుంది. లోహపు మొనకు దీనికి పూర్తిగా తిరగేసిన పని. అది అద్దంలాంటిది, చుట్టూ ఉన్న నలుపంతా అందులో కనబడి మొన మసిబారినట్టు ఉంటుంది. దానికి దగ్గరలో చిన్న తెల్ల అట్ట చూపిస్తే వెండిలా తేరుకుంటుంది. మొన వంగే రకమా, గట్టి రకమా అన్నది మాటల్లో రాసే బదులు వేలితో కొంచెం వంచి పట్టుకున్న ఒక్క ఫోటోతో చెప్పవచ్చు.

పట్టీ సంగతి దీనికంటే పెద్దది. ఈ మెషిన్ పట్టీ లోపలి వైపు మూడు విషయాలు అచ్చువేసి ఉన్నాయి. ఎంత చుట్టుకొలత ఉన్న చేతికి పనికొస్తుందో చెప్పే అంకెలు, సాధారణ సైజుకు 22 నుంచి 32 సెంటీమీటర్లు. రక్తనాళం మీదకు రావాల్సిన చోటు చూపే బాణం. చుట్టినప్పుడు అంచు ఏ హద్దు లోపల ఆగాలో చెప్పే గీత. బయటి వైపు ఏమీ లేదు, కంపెనీ పేరు తప్ప. అయినా అమ్మకపు ఫోటోల్లో దాదాపు అన్నిటా బయటి వైపే కనిపిస్తుంది.

వ్యాపారి: పట్టీని గుండ్రంగా చుట్టి మెషిన్ పక్కన పెడితేనే అందం. విప్పి పరిస్తే అతుకులు, వెల్‌క్రో గరుకు, ట్యూబు అన్నీ బయటపడి పాత సామానులా ఉంటుంది. అయినా సైజు సంగతి వివరాల్లో రాస్తాం కదా.

ఫోటోగ్రాఫర్: వివరాలు ఎంతమంది చదువుతారు? బాబాయిగారూ, మీ చేయి ఒక్కసారి ఇటివ్వండి. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో టేపు చుడతాను. 34.

వ్యాపారి: అయితే?

ఫోటోగ్రాఫర్: ఈ పట్టీ 32 వరకే. మీ చేతికి చుట్టినప్పుడు అంచు హద్దు గీత దాకా రాలేదు, వెల్‌క్రో కొసకే అంటుకుంది. ఇందాక వచ్చిన 146లో ఎంత మీ బీపీయో, ఎంత పట్టీ పుణ్యమో చెప్పలేం.

చేతికి చిన్నదైన పట్టీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. లోపలి గాలి సంచి చేతిని తగినంత చుట్టుకోనప్పుడు నాళాన్ని అణచడానికి ఎక్కువ ఒత్తిడి పెట్టాల్సి వస్తుంది, మెషిన్ ఆ ఒత్తిడినే రక్తపు పోటుగా చదువుతుంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో ప్రచురించిన పరీక్షలో, అన్నిటికంటే పెద్ద సైజు కావలసినవాళ్లకు సాధారణ సైజు పట్టీ చుడితే పై అంకె సగటున 19.5 ఎక్కువ వచ్చింది. సైజు అచ్చు కనిపించే ఫోటో రోగం గురించి ఏ మాటా ఇవ్వదు. ఈ వస్తువు నా చేతికి సరిపోతుందా అన్న ప్రశ్నకు మాత్రం జవాబిస్తుంది, చెప్పుల సైజు చెప్పినట్టే.

వ్యాపారి కాసేపు టేపు వైపే చూశారు. తర్వాత ఆయన అడిగింది పెద్ద పట్టీ వచ్చే మోడల్ గురించి, 22 నుంచి 42 వరకు పనికొచ్చేది. దాన్నీ పక్కపక్కనే పరిచి తీయవచ్చా అని. తీయవచ్చు, అయితే రెండూ ఒకే దూరం నుంచి, ఒకే లెన్స్‌తో, మధ్యలో కొలబద్దతో రావాలి. వేర్వేరుగా తీసి తర్వాత పక్కపక్కన అతికిస్తే చిన్నదీ పెద్దదీ ఒకే సైజుగా కనిపించి కొనేవాడిని మోసం చేస్తాయి.

పట్టీని పరిచి తీయడానికి ఆమె చేసిన పని వరసగా ఇది. డబ్బాలోంచి తీసిన పట్టీకి మడతల గీతలు ఉంటాయి. ఇస్త్రీ పెట్టకూడదు, లోపల గాలి సంచి ఉంది. లీటరు నీళ్ల సీసా చుట్టుకొలత సుమారు 25 సెంటీమీటర్లు, అంటే ఈ పట్టీకి సరిపోయే చేయంత. రాత్రంతా సీసాకు చుట్టి ఉంచితే గుండ్రటి ఆకారం దానికదే వస్తుంది, చుట్టిన పట్టీ ఫోటోకు కూడా అదే పనికొస్తుంది. ఆకారం కోసమని చేయి లేకుండా మెషిన్‌తో గాలి నింపకూడదు, సంచి పాడవుతుంది. తర్వాత పాకింగ్ టేపుతో అద్ది నూగు తీయాలి, ముదురు నీలం గుడ్డ మీద ఒక్క తెల్లటి నూలుపోగు కూడా ఫోటోలో తాడులా కనిపిస్తుంది. పరిచాక దీపాన్ని బాగా కిందకు దించి, గుడ్డను ఒరుసుకుంటూ పోయేలా పక్కనుంచి వెలుగు వేయాలి. అప్పుడు నేత, కుట్టు, వెల్‌క్రో గరుకు ఒక్కొక్కటిగా లేస్తాయి. అదే వెలుగు పైనుంచి పడితే గుడ్డ నల్లటి మరకలా ఉంటుంది. నేల తెలుపు కాబట్టి కెమెరా తనంతట తాను వెలుగు లెక్క కడితే గుడ్డ ఇంకా నల్లబడుతుంది, లెక్క గుడ్డను చూసి కట్టాలి. చివరగా అచ్చు మీద ఫోకస్ పెట్టి, ఫోన్‌లో ఆ ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చూడాలి. 22, 32 అన్న అంకెలు చదవగలిగితే ఫోటో పనికొస్తుంది, లేకపోతే మళ్లీ తీయాలి. ట్యూబు, దాని కొసన ఉండే ప్లగ్, అది మెషిన్‌లో దూరే రంధ్రం, ఈ మూడూ ఒకే ఫోటోలో ఉండాలి. వాడిన కొన్నేళ్లకు పట్టీ మాత్రమే కొనుక్కునేవాడు వెతికేది ఆ ప్లగ్ ఆకారాన్నే.

వ్యాపారి: మనుషుల్లేకుండా ఇదంతా ఇనుప సామాను కొట్టులా ఉందమ్మా. ఒక పెద్దావిడ, ఒళ్లో మనవడు, పక్కన కొడుకు నవ్వుతూ మాట్లాడుతుంటే ఆవిడ బీపీ చూసుకుంటోంది. అలాంటిది ఒక్కటైనా ఉండాలి. చేతికి ఎలా కట్టాలో కూడా తెలుస్తుంది.

ఫోటోగ్రాఫర్: మనిషి ఉండాలన్న మాట ఒప్పుకుంటాను. పట్టీని ఎక్కడ, ఎలా కట్టాలో చేయి లేకుండా చూపించలేం. కానీ మీరు చెప్పిన ఫోటోలో నాలుగు తప్పులున్నాయి. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. ఒళ్లో పిల్లాడు ఉంటే చేయి బల్ల మీద ఆనదు. ఇలాంటి ఫోటోల్లో ఆవిడ సోఫాలో కాలు మీద కాలు వేసుకుని ఉంటుంది, అదీ తప్పే. ఇక మోచేతుల దాకా ఉన్న జాకెట్టు చేతి మీదే పట్టీ కడతారు, లేదా ఆ చేతిని పైకి నెట్టి బిగిస్తారు. గుడ్డ మీద కట్టినా, పైకి నెట్టిన గుడ్డ చేతిని నొక్కినా రీడింగ్ తప్పుతుంది.

అలా మనిషి ఫోటో ఒకటి ఖాయమైంది, ఆమె చెప్పిన తీరులో. కుర్చీకి వీపు ఆనించి, రెండు పాదాలు నేల మీద ఆనేలా కూర్చున్న మనిషి. చేయి బల్ల మీద, పట్టీ గుండె ఎత్తులో. పట్టీ కింది అంచు మోచేతి మడతకు 2, 3 సెంటీమీటర్లు పైన, బాణం లోపలి వైపుకు, ట్యూబు అరచేతి వైపుకు. పొట్టి చేతుల జాకెట్టు, లేదా చేయి లేని బనియను. ముఖం మామూలుగా, మాటా నవ్వూ లేకుండా. వ్యాపారి ఇక్కడ ఒక మార్పు అడిగారు, అది నిలిచింది. ముఖాన్ని కత్తిరించొద్దన్నారు. తల లేని మనిషిని చూస్తే పెద్దవాళ్లు అపశకునం అనుకుంటారు, పైగా ఎలా కూర్చోవాలో పూర్తిగా తెలియదు. అందుకే ఫోటో తలనుంచి పాదాల దాకా ఉంది, పట్టీ దగ్గరి ఫోటో దాని పక్కనే విడిగా ఉంది.

తర్వాత అలంకారాల వంతు వచ్చింది. వ్యాపారి బల్ల మీద స్టెతస్కోపు, ఎర్ర ప్లాస్టిక్ గుండె, గ్రాఫు గీత ఉన్న వెనక పరదా సిద్ధంగా ఉన్నాయి.

ఫోటోగ్రాఫర్: స్టెతస్కోపు ఈ మెషిన్‌కు అసలు అక్కర్లేదు. పట్టీలోని గాలి ఒత్తిడిలో నాడి వల్ల వచ్చే చిన్న చిన్న కదలికలను చూసి ఇది లెక్క కడుతుంది, చప్పుడు వినదు. పక్కన పెడితే అది కూడా డబ్బాలో వస్తుందని కొందరు, అది కూడా వాడాలేమోనని కొందరు అనుకుంటారు. ఆ గ్రాఫు గీత ఈసీజీది, ఈ మెషిన్ ఈసీజీ తీయదు. ఎర్ర గుండె పెడితే గుండెకు కాపలా కాస్తుందని అర్థం.

వ్యాపారి: తెర మీద మెషినే గుండె బొమ్మ చూపిస్తోంది కదా, నాడి కొట్టుకున్నప్పుడల్లా?

ఫోటోగ్రాఫర్: చూపిస్తోంది, అది నాడి దొరికిందని చెప్పే గుర్తు. అక్కడ ఉండనిద్దాం. దాన్నే పెద్దది చేసి బయట పెడితే అది గుర్తు కాదు, మనం ఇచ్చే మాట.

వ్యాపారి: మాటంటే గుర్తొచ్చింది. 'బీపీని అదుపులో ఉంచండి' అని ఒక లైను, '100 శాతం కచ్చితం' అని బంగారు రంగు ముద్ర. ఇవి లేకపోతే పక్క దుకాణం వాడి ఫోటో ముందు మనది వెలవెలబోతుంది.

రెండు మాటలకూ రెండు రకాల అడ్డు ఉంది. మెషిన్ డబ్బాలోని పుస్తకంలోనే కొలత ప్లస్ ఆర్ మైనస్ 3 అని రాసి ఉంది. 124 అంటే ఒత్తిడి కొలతలోనే మూడు అటూ ఇటూ కావచ్చని తయారుచేసినవాళ్లే చెప్తున్నారు. థర్మామీటర్ పుస్తకంలో అది ప్లస్ ఆర్ మైనస్ 0.2 ఫారెన్‌హీట్. ఫోటో మీద ముద్ర 100 శాతం అంటే డబ్బాలోని కాగితం కాదంటుంది. ఆ 3, ఆ 0.2 వివరాల పట్టికలో ఉన్నది ఉన్నట్టు పెడితే నమ్మకం దానికదే వస్తుంది. అదుపు అన్న మాట ఇంకా బరువైంది. మెషిన్ కొలుస్తుంది, అదుపు చేయదు. 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మందుల ప్రకటనల కోసం చేసింది. నయం చేస్తామని, రాకుండా ఆపుతామని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో అది రక్తపు పోటు ఎక్కువ తక్కువలను, జ్వరాలను పేరుపెట్టి చేర్చింది. పరికరాలకు ఆ చట్టం ఎంత వర్తిస్తుందన్న చర్చ పక్కన పెట్టినా, తప్పుదోవ పట్టించే ప్రకటనలను 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఏ వస్తువుకైనా నిషేధిస్తుంది.

వ్యాపారి: డాక్టరు కోటు వేసుకున్న మనిషి పట్టుకుంటే? మాటేమీ రాయం.

ఫోటోగ్రాఫర్: కోటే మాట, బాబాయిగారూ. ఒక డాక్టరు దీన్ని మెచ్చుకున్నాడని చూసినవాడికి వినిపిస్తుంది. మెచ్చుకున్న డాక్టరు ఎవరూ లేరు, కోటు అద్దెకు తెచ్చింది.

వ్యాపారి: అయితే నమ్మకం దేనితో వస్తుంది? చెప్పు.

ఫోటోగ్రాఫర్: డబ్బా పక్క వైపుతో. తయారీ లైసెన్సు నంబరు, చిరునామా, ఎమ్మార్పీ అన్నీ అక్కడ ఉన్నాయి. దాన్ని చదవగలిగేంత తేటగా తీద్దాం. ఈ మెషిన్లు 2017 వైద్య పరికరాల నియమాల కింద ఉన్నాయి, ఇక్కడ తయారైనదానికి లేబుల్ మీద లైసెన్సు నంబరు ఉండి తీరాలి. కోటు ఎవరైనా వేసుకుంటారు, ఆ నంబరు ఉన్నదో లేదో మాత్రం చూసుకోవచ్చు.

ఫోటోల వరస చివరికి ఇలా కుదిరింది. మొదటిది తెల్లటి నేల మీద మెషిన్, చుట్టిన పట్టీ, ట్యూబు మాత్రమే. అమెజాన్‌లో మొదటి ఫోటోకు నేల పూర్తి తెలుపు, అంటే 255, 255, 255 ఉండాలి, వస్తువు 85 శాతం నిండాలి, పైన రాతలు ఉండకూడదు. కాబట్టి ఇక్కడ ముద్రల తగువుకు చోటే లేదు. ఫోన్‌లో ఆ ఫోటో బొటనవేలంత కనిపిస్తుంది, అందులోనూ మూడు అంకెలు విడివిడిగా తెలియాలి. దాని తర్వాత తెర దగ్గరి ఫోటో, పరిచిన పట్టీ, రెండు సైజుల పట్టీలు కొలబద్దతో, కూర్చున్న మనిషి, డబ్బాలో ఏమేం వస్తాయో పరిచి చూపించే ఫోటో, చివరగా లేబుల్. డబ్బాలో వచ్చేవి పరిచేటప్పుడు బ్యాటరీలు, ఛార్జర్ అడాప్టర్ రాకపోతే అవి ఫోటోలో ఉండకూడదు. వస్తువు వెనక్కి వచ్చే గొడవలు చాలావరకు అక్కడే పుడతాయని వ్యాపారే చెప్పారు.

నేల రంగు మీద మాత్రం ఇద్దరికీ కుదరలేదు. లోపలి ఫోటోలకు లేత నీలం ఉంటే ఆస్పత్రి గుర్తొచ్చి నమ్మకం కలుగుతుందని ఆయన, ఆస్పత్రి గుర్తు రాకుండా ఉండటమే తనకు కావలసిందని ఆమె. ముదురు నీలం పట్టీ లేత నీలం మీద తేలిపోతుందని తీసి చూపించాక లేత బూడిదరంగు ఒప్పుకున్నారు. కూర్చున్న మనిషి ఫోటో కింద ఒక్క లైను చాలనుకున్నారు, అది వ్యాపారి రాసిందే: 'పట్టీ సైజు 22–32 సెం.మీ. కొనే ముందు చేయి చుట్టుకొలత చూసుకోండి.'